ముట్లు ఆగాక పొడిబారడం, కలయికలో నొప్పి



పల్నాటి పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లలో, నలభై దాటినవాళ్ల నోట ఒక మాట తరచుగా వింటుంటాను. "వేడి చేసింది డాక్టరమ్మా, ఒంటేలుకు పోతే ఒకటే మంట." రెంటచింతల నుంచి వచ్చినవాళ్లయితే మరీను. ఆ ఊరి ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో వార్తల్లో ఎండల లెక్క చదివేటప్పుడు రెంటచింతల పేరు వినపడని రోజు తక్కువ. అలాంటి చోట ఒంట్లో ఎక్కడ మంట పుట్టినా ముందు ఎండనే అనుమానిస్తారు. సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ నీళ్లు కాస్తారు, మజ్జిగ తాగుతారు, తలకు ఆముదం పెట్టుకుంటారు.

అందులో కొంత నిజం లేకపోలేదు. మిరపకాయల కోతకు పొద్దున్నే పోయి, సాయంత్రం దాకా నీళ్లు సరిగా తాగక, చాటు లేక ఒంటేలు ఆపుకొని కూర్చుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. దానికి నీళ్లు తాగాలి, మందూ వాడాలి. కానీ ఆ మంట వానాకాలంలోనూ ఉంటే? సంక్రాంతి చలిలోనూ ఉంటే? మూత్రం పరీక్షలో ఏమీ లేదని వచ్చినా ఉంటే? అప్పుడు నేను ఇంకో మాట అడుగుతాను. "మీ ఆయనతో కలిసినప్పుడు నొప్పిగా ఉంటోందామ్మా?" చాలామంది వెంటనే తల దించుకుంటారు. కొందరికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఏళ్ల తరబడి ఎవరూ అడగని ప్రశ్న అది. ఈ రోజు ఆ నొప్పి గురించే దాపరికం లేకుండా మాట్లాడతాను. ఆడవాళ్లతో పాటు వాళ్ల భర్తలు కూడా వింటే మంచిది.

యోని లోపలి పొర మామూలు చర్మం లాంటిది కాదు. వయసులో ఉన్నప్పుడు అది మందంగా, ముడతలు ముడతలుగా, సాగే గుణంతో, ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉంటుంది. అలా ఉంచేది అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ అనే హార్మోను. ఆ హార్మోను ఉన్నంతకాలం పై వరస కణాల్లో ఒక రకం పిండిపదార్థం నిలవ ఉంటుంది. యోనిలో సహజంగా ఉండే మంచి బాక్టీరియా దాన్ని తిని ఒక పులుపును తయారుచేస్తుంది. ఆ పులుపు వల్ల చెడు క్రిములు అక్కడ నిలవలేవు. పక్కనే ఉన్న మూత్రద్వారానికి కూడా అదే కాపలా.

ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోతుంది. పై పొర పలచబడుతుంది, ముడతలు పోయి నున్నగా అవుతుంది, రక్తప్రసరణ తగ్గి రంగు పాలిపోతుంది. చెమ్మ ఆరిపోతుంది. పిండిపదార్థం లేక మంచి బాక్టీరియా తగ్గుతుంది, పులుపు పోతుంది. యోనిద్వారం బిగుసుకొని సన్నబడుతుంది. దానికి ఒరిపిడి తగిలితే చిన్న చిన్న చీలికలు పడతాయి, ఒక్కోసారి రక్తపు చుక్క కూడా కనపడుతుంది. చీలిన చోట ఒంటేలు తగిలితే మంట. కలయికలో బ్లేడుతో గీసినట్టుంటుందని చెప్పినవాళ్లున్నారు. మూత్రాశయానికి కూడా ఇదే హార్మోను అండ కాబట్టి మాటిమాటికీ ఒంటేలు రావడం, ఆపుకోలేకపోవడం, పదేపదే ఇన్‌ఫెక్షన్లు రావడం కూడా తోడవుతాయి. ఇవన్నీ ఒకే జబ్బు కొమ్మలని గుర్తించి 2014లో రెండు వైద్య సంఘాలు యోనికీ మూత్రమార్గానికీ కలిపి ఈ జబ్బుకు కొత్త పేరు పెట్టాయి.

ముట్లు ఆగినప్పుడు వచ్చే ఒంటి ఆవిర్లు, రాత్రి చెమటలు చాలామందిలో కొన్నేళ్లకు వాటంతట అవే తగ్గుతాయి. ఈ పొడితనం అలా తగ్గదు. వదిలేస్తే ఏటేటా పెరుగుతుంది. "వయసైపోయింది, అదే సర్దుకుంటుంది" అని ఓపిక పట్టినవాళ్లకు అందుకే ఏ మేలూ జరగదు.

మన ప్రాంతంలో ఈ జబ్బును గుర్తుపట్టడం ఇంకా కష్టం కావడానికి ఒక కారణముంది. అదే గర్భసంచి ఆపరేషను. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా మనదే ఎక్కువ. ఈ లెక్కలో పదిహేనేళ్ల పిల్లలు కూడా కలిసి ఉన్నారు కాబట్టి నలభై దాటినవాళ్లను మాత్రమే తీసుకుంటే ఇంకా ఎక్కువే ఉంటుంది. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, ముట్టు ఎక్కువ పోతోందని, ఇద్దరు పిల్లలు పుట్టాక ఇక ఆ సంచితో పనేముందని ముప్ఫై రెండు, ముప్ఫై మూడేళ్లకే తీయించేసుకున్నవాళ్లు మన పల్లెల్లో వీధికి నలుగురుంటారు. అవసరమై చేయించుకున్నవాళ్లూ ఉన్నారు, అవసరం లేకుండా పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండో మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గర్భసంచి ఉన్న మనిషికి ముట్లు తప్పడం, ఆగడం అనే గుర్తు ఉంటుంది. ఏడాది పాటు ముట్టు రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. గర్భసంచి లేని మనిషికి ఆ గుర్తే లేదు. ముట్లు ఆపరేషనుతోనే పోయాయి. లోపల అండాశయాలు ఎప్పుడు పని మానేశాయో ఆమెకు తెలిసే దారి లేదు. పైగా గర్భసంచి వైపు నుంచి అండాశయాలకు వెళ్లే రక్తం కొంత ఆగిపోతుంది. అందువల్ల అండాశయాలను ఉంచేసినా అవి మామూలు కన్నా రెండు మూడేళ్లు ముందే అలసిపోయే అవకాశం ఎక్కువ. మన దేశంలో ముట్లు ఆగే వయసు సగటున 46, 47. దానికి ముందే అంటే నలభై మూడు, నలభై నాలుగుకే పొడితనం మొదలైనా మొదలవుతుంది. ఆ వయసులో ముట్లు ఆగిన జబ్బు అని ఎవరనుకుంటారు?

ఆపరేషనులో అండాశయాలు కూడా తీసేసి ఉంటే మార్పు కొన్ని వారాల్లోనే వస్తుంది, గట్టిగా వస్తుంది. తీసేశారో ఉంచారో చాలామందికి తెలియదు. అందుకే ఆపరేషను కాగితం ఉంటే తెమ్మంటాను. బీరువాలో రేషను కార్డు కవరులోనో, భూమి పత్రాల మధ్యనో అది దొరుకుతుంది. దాని మీద టి.ఎ.హెచ్. అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారని. పక్కన బి.ఎస్.ఓ. అనే మూడక్షరాలు కూడా ఉంటే రెండు వైపులా అండాశయాలు, ట్యూబులు కూడా తీసేశారని. నలభై అయిదు లోపు అలా తీసినవాళ్లకు పొడితనం ఒక్కటే కాదు, ఎముకలు, గుండె కూడా ముందుగా దెబ్బతినే ప్రమాదం ఉంది. వాళ్లకు వేరే అభ్యంతరం ఏదీ లేకపోతే మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా ఒంటికంతటికీ హార్మోను ఇవ్వాలా అని డాక్టరుతో మాట్లాడాలి. ఆ మాట వాళ్లు అడగరు, చెప్పాల్సినవాళ్లూ తరచుగా చెప్పరు.

ఇక ఒకరి సంగతి చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఇద్దరు ముగ్గురి కథలు కలిపి చెబుతున్నాను. రెంటచింతల దగ్గర పల్లె. వయసు నలభై ఆరు. గర్భసంచి ముప్ఫై మూడేళ్లకు తీశారు, అండాశయాలు ఉంచారు. మిరప కోతలకు, పత్తి తీతకు పోతుంది. రెండేళ్లుగా ఒంటేలు మంట. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు తీసుకుంది, వారం తగ్గినట్టుండి మళ్లీ మొదలు. మందుల షాపులో దురదకని ఒక ట్యూబు ఇచ్చారు. అది ఫంగసు మందుతో పాటు స్టెరాయిడు, యాంటీబయాటిక్ కలిపిన క్రీము. రాసిన రెండు రోజులు హాయిగా ఉండేది. కానీ స్టెరాయిడు ఊరికే రాస్తూ పోతే పలచబడిన పొరను ఇంకా పలచబరుస్తుంది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ ట్యూబులు చాలా వాడేసింది.

ఆమెకు ఇంకో బాధ ఉంది. ఏడాదిగా భర్తకు దూరంగా పడుకుంటోంది. ఎండాకాలం అందరూ డాబా మీద పడుకుంటారు కాబట్టి ఆ నెలలు ఎలాగో గడిచిపోయాయి. తర్వాత సాకులు అయిపోయాయి. "ఆయన ఇంకోలాగా అనుకుంటున్నాడమ్మా. నాకు ఇష్టం లేక కాదు, ఓర్చుకోలేక" అంది. మాట్లాడినంతసేపూ చీర కొంగు వేళ్లకు చుట్టుకుంటూనే ఉంది.

పరీక్ష చేస్తే కారణం స్పష్టంగా కనపడింది. యోనిద్వారం సన్నబడింది. లోపలి పొర ఎర్రదనం పోయి తెల్లగా, నున్నగా ఉంది, చిన్న పరికరం తగిలినా చుక్కలు చుక్కలుగా ఎర్రబడుతోంది. యోని గోడకు చిన్న పరీక్ష కాగితం ఆనిస్తే పులుపు పోయిందని తేలింది. వయసులో ఉన్నవాళ్లలో ఆ కాగితం చూపే సంఖ్య నాలుగు అటూ ఇటూ ఉంటుంది, ఆమెకు ఆరు దాటింది. మూత్రం కల్చరులో క్రిమి పెరగలేదు. షుగరు చూశాం, లేదు. షుగరు చూడటం ముఖ్యం, ఎందుకంటే షుగరు అదుపులో లేనివాళ్లకు ఫంగసు వచ్చి దురద, మంట పెడుతుంది. అప్పుడు మందు వేరు.

ఈ జబ్బుకు పరీక్ష చేయకుండా మందు రాసేవాళ్లను నమ్మవద్దని చెబుతాను. పరీక్ష అంటే భయం ఉంటే ముందే చెప్పండి. చిన్న సైజు పరికరం ఉంటుంది, దానికి జెల్లీ రాసి మెల్లగా చేస్తారు, నొప్పి అంటే ఆపేస్తారు. ఆడ డాక్టరు కావాలని అడిగే హక్కు మీకుంది, తోడుగా ఆశా కార్యకర్తనో, వదిననో తెచ్చుకోవచ్చు.

వైద్యం మూడు మెట్లుగా ఉంటుంది. మొదటిది హార్మోను లేనిది. పొడితనం కొద్దిగా ఉంటే దీంతోనే సరిపోవచ్చు. చెమ్మ పట్టించే జెల్లు వారానికి రెండు మూడు సార్లు లోపల రాసుకోవాలి, కలయిక ఉన్నా లేకపోయినా. ఇది రోజూ చేతికి నూనె రాసుకోవడం లాంటి పని. కలయిక అప్పుడు జారుడు కోసం రాసేది వేరు. నీటితో చేసిన జెల్లీ గాని, స్వచ్ఛమైన కొబ్బరి నూనె గాని వాడుకోవచ్చు. నిరోధ్ వాడేవాళ్లు మాత్రం నూనె వాడకూడదు, రబ్బరు చిరిగిపోతుంది. జెల్లీ అని అడిగితే కొన్ని షాపుల్లో లిగ్నోకెయిన్ జెల్లీ చేతిలో పెడతారు. అది తిమ్మిరెక్కించే మందు, ఇద్దరికీ స్పర్శ పోతుంది, లోపల చీలిక పడ్డా తెలియదు. ట్యూబు మీద పేరు చూసుకొని కొనాలి. డెట్టాలు నీళ్లతో, సబ్బుతో లోపల కడగడం పూర్తిగా మానేయాలి. పైన మామూలు నీళ్లు చాలు.

రెండో మెట్టు, ఈ ప్రసంగానికి అసలు కారణం, యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము. మన దగ్గర దొరికే వాటిలో ఎస్ట్రియాల్ అనే మెత్తని రకం క్రీము తరచుగా రాస్తాం. గ్రాము క్రీములో ఒక మిల్లీగ్రాము మందు. ట్యూబుతో పాటు గుర్తులు గీసిన చిన్న ప్లాస్టిక్ పిచికారి ఇస్తారు. అర గ్రాము గుర్తు దాకా నింపి, రాత్రి పడుకునే ముందు, వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, లోపలికి నొప్పి లేనంత దూరం పెట్టి నొక్కాలి. అలా రెండు మూడు వారాలు ప్రతి రాత్రి, తర్వాత వారానికి రెండు రాత్రులు, మంగళవారం, శుక్రవారం అని పెట్టుకుంటే మరిచిపోరు. పదిహేను గ్రాముల ట్యూబు అనుకుందాం. మొదటి రెండు వారాలకు ఏడు గ్రాములు పోతుంది. మిగతా ఎనిమిది గ్రాములు వారానికి ఒక గ్రాము చొప్పున ఎనిమిది వారాలు వస్తుంది. అంటే మొదటి ట్యూబు రెండున్నర నెలలు.

రెంటచింతల ఆమెకు ఇది రాసిచ్చాను. మూడు రోజులకు ఆపేసింది. రాసుకుంటే భగ్గుమంటోందని. అడిగితే తెలిసింది, పిచికారి వాడటం తెలియక వేలితో రాసుకుంటోంది. అవి కోతల రోజులు. పగలంతా మిరపకాయలు కోసిన వేళ్లు. సబ్బుతో కడిగినా ఆ కారం పోదు, గోళ్ల సందుల్లో ఉంటుంది. మిరప కారం నీళ్లకు లొంగదు, నూనెకు లొంగుతుంది. ముందు చేతులకు వంటనూనె బాగా పట్టించి, తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగమన్నాను. పిచికారి ఎలా వాడాలో దగ్గర కూర్చోబెట్టి చూపించాను. పిచికారిని కూడా వాడిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. కారం లేకుండా రాసుకున్నా మొదటి వారం కొంచెం చురుక్కుమనొచ్చు, పొర పచ్చిగా ఉంటుంది కాబట్టి. అంతకన్నా ఎక్కువుంటే రెండు రోజులు కొబ్బరి నూనె రాసి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ట్యూబు దాచే చోటు కూడా చూసుకోవాలి. మే నెలలో రేకుల ఇంట్లో కిటికీ అరలో పెడితే క్రీము కరిగి నీళ్లయిపోతుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టాలి, పై గడ్డకట్టే అరలో కాదు. ఫ్రిజ్ లేకపోతే ఇంట్లో అన్నిటికన్నా చల్లని మూల, నీళ్ల కుండ పక్క.

ఎప్పుడు గుణం కనపడుతుంది? రెండు మూడు వారాలకు మంట తగ్గడం మొదలవుతుంది. పొర మళ్లీ మందం కట్టి పూర్తి ఫలితం రావడానికి మూడు నెలలు. ఈ మూడు నెలల ఓపిక చెప్పకుండా మందు రాస్తే వారానికే పక్కన పడేస్తారు. రాసుకున్న రాత్రి కలయిక వద్దు, అది జారుడు కోసం రాసేది కాదు. ఆమెకు ఆరో వారంలో ఒంటేలు మంట పోయింది. మూడో నెలకు పరీక్ష చేస్తే పొర గులాబీ రంగుకు తిరిగింది, పరీక్ష కాగితం మళ్లీ పులుపు చూపించింది.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు పదేపదే వచ్చేవాళ్లకు ఈ క్రీము ఎంత పని చేస్తుందో 1993లోనే తేలింది. ఇజ్రాయెల్‌లో ముట్లు ఆగిన 93 మంది ఆడవాళ్లను తీసుకొని కొందరికి ఇదే ఎస్ట్రియాల్ క్రీము, కొందరికి మందు లేని ఉత్త క్రీము ఇచ్చి చూశారు. ఉత్త క్రీము వాడినవాళ్లకు మనిషికి ఏడాదికి సుమారు ఆరుసార్లు ఇన్‌ఫెక్షన్ వస్తే, ఎస్ట్రియాల్ వాడినవాళ్లకు సగటున రెండేళ్లకు ఒకసారి వచ్చింది. ఏడాదికి ఆరు కోర్సుల యాంటీబయాటిక్ మింగుతున్న మన అమ్మలకు ఈ మాట అందలేదు.

ఇప్పుడు భయం సంగతి. ట్యూబు డబ్బాలో మడిచిపెట్టిన కాగితం ఉంటుంది. ఇంట్లో చదువుకున్న కొడుకో కోడలో అది చదివి, "అమ్మా, ఇందులో క్యాన్సరని, పక్షవాతమని రాసి ఉంది, వద్దు" అంటారు. వాళ్లది తప్పు కాదు, అందులో అలాగే రాసి ఉంటుంది. కానీ ఆ హెచ్చరికలు నోటితో మింగే, ఒంటికంతటికీ పట్టే హార్మోను మాత్రల పరిశోధన నుంచి వచ్చినవి. యోనిలో రాసే ఈ కొద్ది మోతాదు రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అమెరికాలో వేలాది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించిన లెక్కల్లో, యోనిలో ఈస్ట్రోజెన్ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సరు గాని, గర్భసంచి క్యాన్సరు గాని, గుండె జబ్బు గాని వాడనివాళ్ల కన్నా ఎక్కువ కాలేదు. గర్భసంచి ఉన్నవాళ్లకు కూడా దీనితో పాటు ప్రొజెస్టిరాన్ మాత్ర అక్కర్లేదు.

ఒక్కరికి మాత్రం నేను తొందరపడి రాయను. రొమ్ము క్యాన్సరు వచ్చి వైద్యం చేయించుకున్నవాళ్లకు. ముఖ్యంగా ఒంట్లో ఈస్ట్రోజెన్‌ను పూర్తిగా తగ్గించడానికి రోజూ మాత్ర వాడుతున్నవాళ్లకు. వాళ్లకు ముందు హార్మోను లేని జెల్లులతో చూస్తాం. అప్పటికీ తగ్గకపోతే క్యాన్సరు వైద్యం చేసే డాక్టరుతో మాట్లాడి, ఆయన ఒప్పుకుంటేనే.

మూడో మెట్టు కండరాలది. మందు పని చేసి పొర బాగుపడ్డా రెంటచింతల ఆమెకు కలయిక అంటే ఒళ్లు బిగుసుకుపోయేది. రెండేళ్లు నొప్పి చూసిన శరీరం నొప్పి వస్తుందేమోనని ముందే ద్వారం దగ్గర కండరాలను బిగిస్తుంది. ఆమె బిగించడం లేదు, దానంతట అదే బిగుస్తుంది. బిగుసుకున్న చోట ఒత్తిడి పడితే నిజంగానే నొప్పి పుడుతుంది. దీనికి క్రీము పనికిరాదు. ఒంటేలు ఆపుకున్నట్టు కండరాన్ని ఒక్కసారి బిగించి, ఊపిరి వదులుతూ మెల్లగా పూర్తిగా వదిలేయడం నేర్పాను. ఇక్కడ అసలు పని వదలడం. అది పట్టుబడ్డాక కొబ్బరి నూనె రాసిన తన వేలినే ద్వారం దాకా పెట్టుకొని, కండరాన్ని వదులుతూ మెల్లగా ఊపిరి విడవమన్నాను. నొప్పి లేకుండా అది రావడానికి కొన్ని వారాలు పట్టింది. అవసరమైతే గుంటూరు లాంటి చోట ఫిజియోథెరపిస్టు సాయం తీసుకోవచ్చు.

భర్తను కూడా పిలిపించాను. పొలం పని చేసే మనిషి, మాట తక్కువ. నేను బొమ్మ గీసి, పొర పలచబడటం, చీలడం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చెబితే ఆగేవాణ్ణి కదమ్మా" అన్నాడు. ఆయనకు చెప్పాల్సిన మాటలు రెండే. తొందర వద్దు, ఆమె చెయ్యి ఆపితే ఆగాలి. కొన్నాళ్లు పూర్తి కలయిక లేకుండానే దగ్గరగా ఉండవచ్చు, దానివల్ల ఆమె ఒంటికి భయం పోతుంది.

ఈ మధ్య పట్టణాల్లో లేజరు అని కొత్తది వచ్చింది. యోనిలో లేజరు కిరణం పెడితే పొర కొత్తగా పుడుతుందని చెప్పి వేలకు వేలు తీసుకుంటున్నారు. మిర్చి అమ్మిన డబ్బు తెచ్చి కట్టినవాళ్లున్నారు. 2018లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ పరికరాల మీద హెచ్చరిక ఇచ్చింది, కాలిన గాయాలు, మచ్చలు, పెరిగిన నొప్పి చూపించి. 2021లో సిడ్నీలో సగం మందికి నిజం లేజరు, సగం మందికి ఉత్తుత్తి లేజరు పెట్టి ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్యా తేడా రాలేదు. ఆ డబ్బు ఖర్చు పెట్టవద్దని నా మాట.

పొడితనం అనుకుని మోసపోకూడని గుర్తులు కూడా ఉన్నాయి. యోని పెదవుల మీద తెల్లటి, మెరిసే, ముడతలు పడిన మచ్చలుండి రాత్రి నిద్ర పట్టనంత దురద ఉంటే అది వేరే చర్మవ్యాధి. దానికి బలమైన స్టెరాయిడు క్రీమే మందు, కానీ డాక్టరు చూసి, ఎంత, ఎన్నాళ్లు అని చెప్పి ఇవ్వాలి. మానని పుండు, గడ్డ, దుర్వాసన ఉంటే ఆగవద్దు. గర్భసంచి ఉన్న మనిషికి ముట్లాగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనపడినా, గర్భసంచి తీయించుకున్నవాళ్లకు కలయిక తర్వాత పదేపదే రక్తం కనపడినా, పొడిబారి చీలిందిలే అనుకోకుండా పరీక్ష చేయించుకోవాలి. పొర చీలడం వల్ల రక్తం రావచ్చు, నిజమే. గర్భసంచి క్యాన్సరూ, గర్భాశయ ముఖద్వారం క్యాన్సరూ అలాగే మొదలవుతాయి. చూడకుండా ఏదో చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు "వేడి చేసింది" అని ఆగిపోకండి. "ముట్లాగాయి, లేదా గర్భసంచి తీశారు, కలిసినప్పుడు నొప్పి, ఒంటేలుకు మంట" అని మూడు మాటలూ చెప్పండి. ఆపరేషను కాగితం పట్టుకెళ్లండి. అంతకుముందు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు ఒక సంచిలో వేసుకొని వెళ్లండి, పేర్లు చెప్పక్కర్లేదు. గురజాలలోనో, మాచర్లలోనో, నరసరావుపేటలోనో ప్రభుత్వాసుపత్రిలో స్త్రీల డాక్టరు ఏ రోజు ఉంటారో మీ ఆశా కార్యకర్తను ముందే కనుక్కోమనండి. మందు మొదలయ్యాక మూడు నెలలకు ఒకసారి, తర్వాత ఏడాదికి ఒకసారి చూపించుకుంటే చాలు. బాగయిందని క్రీము ఆపేస్తే కొన్ని వారాల్లో పొడితనం మళ్లీ వస్తుంది. వారానికి రెండు రాత్రులు, అలా కొనసాగించాలి. ఆమె కొనసాగిస్తోంది. మొన్న కొత్త ట్యూబు రాయించుకోవడానికి వచ్చినప్పుడు, వాళ్ల ఊరి నుంచి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది.